జవాబు తప్పినా పద్ధతికి మార్కు: 8 మార్కుల లెక్కకు స్కీమ్ ఎలా రాయాలి?

ప్రశ్న: సార్, కడప జిల్లాలో హైస్కూల్లో మ్యాథ్స్ చెప్తున్నాను, కొత్తగా చేరాను. పదో తరగతి ప్రీ-ఫైనల్‌కి మా మండలం టీచర్లం కలిసి పేపరూ స్కీమూ తయారు చేస్తున్నాం. 8 మార్కుల లెక్క ఒకటి ఇచ్చాం: "ఒక బస్సు 150 కి.మీ. దూరాన్ని సమవేగంతో ప్రయాణించింది. దాని వేగం గంటకు 10 కి.మీ. ఎక్కువై ఉంటే అర గంట తక్కువ పట్టేది. బస్సు వేగం ఎంత?" మా స్కీమ్: వేగం x అనుకోవడం 1, కాలాలు రాయడం 1, సమీకరణం 1, సూక్ష్మీకరణ 2, కారణాంకాలు 1, జవాబు 2. ఒక పిల్లాడు అర గంటను 30 అని వేసుకుని చివరిదాకా చేశాడు. ఆ పేపర్ మాలో ముగ్గురు టీచర్లు దిద్దితే ఒకరు 2, ఒకరు 5, ఒకరు 6 వేశారు. ఎవరిది కరెక్ట్? స్కీమ్ ఎలా రాస్తే ఈ తేడా రాకుండా ఉంటుంది?

సమాధానం:

మేడమ్, ముగ్గురిలో ఎవరిదీ తప్పనలేం, ఎందుకంటే మీ స్కీమ్ ముగ్గురికీ చోటిచ్చింది. "సమీకరణం 1" అని రాశారు, బాగుంది, కానీ సమీకరణంలో 1/2 బదులు 30 ఉంటే ఏం చేయాలో రాయలేదు. 2 వేసినాయన సమీకరణం తప్పు కాబట్టి ఆ కింద ఉన్నదంతా తప్పే అనుకున్నాడు. 6 వేసినాయన పిల్లాడికి లెక్క వచ్చు, ప్రమాణం దగ్గర పొరపాటు పడ్డాడు అనుకున్నాడు. 5 వేసినాయన మధ్యలో ఆగాడు. నా లెక్కలో ఆ పేపర్‌కి 6 పడాలి, ఎందుకో కింద చెప్తాను, కానీ అసలు సమస్య ఆ పేపర్ కాదు, స్కీమ్ కట్టిన తీరు.

మనలో చాలామంది స్కీమ్ ఎలా రాస్తామంటే, ముందు నోట్సులో రాసినట్టు నీట్‌గా సొల్యూషన్ రాసేసి, ఆ లైన్ల పక్కన 1, 1, 2 అని మార్కులు వేసుకుంటూ పోతాం. అంటే మార్కులు మన సొల్యూషన్‌లోని లైన్లకు పడుతున్నాయి, పిల్లాడు చేసిన ఆలోచనకు కాదు. అందువల్ల రెండు ఇబ్బందులు వస్తాయి. మొదటిది, "వేగం x అనుకుందాం" అన్నదానికి 1 ఇస్తే, ఏమీ రానివాడు కూడా ఆ ఒక్క లైన్ రాసి మార్కు తీసుకుంటాడు, అదే లైన్ రాయకుండా తిన్నగా 150/x అని మొదలుపెట్టిన తెలివైన పిల్ల దాన్ని పోగొట్టుకుంటుంది. రెండోది, "కారణాంకాలు 1" అని రాస్తే సూత్రంతో సాధించినవాడికి ఆ మార్కు ఎక్కడ వేయాలి? దిద్దేవాడు జాలిపడి వేస్తాడు, లేదా స్కీమ్‌లో లేదు కదా అని వేయడు. అది వాడి అదృష్టం మీద ఉంటుంది.

కాబట్టి లైన్లు వదిలేసి, ఈ లెక్క చేయడానికి పిల్లాడు ఎక్కడెక్కడ నిర్ణయం తీసుకోవాలో చూడండి. ఇందులో నాలుగే ఉన్నాయి. కాలాన్ని దూరం బై వేగంగా రాయాలని తట్టడం. రెండు కాలాల తేడాయే అర గంట అని పట్టుకోవడం. హారాలు తీసేసి దాన్ని వర్గ సమీకరణంగా మార్చడం. ఆ సమీకరణాన్ని సాధించి, వచ్చిన రెండు విలువల్లో ఏది వేగమో తేల్చడం. ఈ నాలుగింటిలో ప్రతిదానికీ ఒక పద్ధతి ఉంది, ఆ పద్ధతి సరిగ్గా చేస్తే వచ్చే ఒక ఫలితం ఉంది. నాలుగు పద్ధతులు, నాలుగు ఫలితాలు, 8 మార్కులూ అందులోనే సరిపోతాయి. ఇది నా సొంత తెలివేం కాదు. కేంబ్రిడ్జ్ వాళ్లు, ఇంగ్లండ్ బోర్డులు ప్రచురించే స్కీముల్లో పద్ధతి మార్కుకు ఎం, ఖచ్చితత్వం మార్కుకు ఏ, దేని మీదా ఆధారపడని మార్కుకు బి అని అక్షరాలు వేసి మరీ ఇస్తారు. సీబీఎస్‌ఈ వాళ్లు ఆ అక్షరాలు వాడరు గానీ, వాళ్ల స్కీముల్లో కూడా స్టెప్ పక్కన 1/2, 1 అని విడివిడిగా మార్కులుంటాయి. మనం పద్ధతికి ప, ఫలితానికి ఫ అని పెట్టుకుందాం.

మీ లెక్కకు నేనైతే ఇలా రాస్తాను:

ప1 (1 మార్కు): కాలం = దూరం/వేగం అని వాడినట్టు కనిపించాలి. 150/x గానీ 150/(x+10) గానీ ఏ ఒక్కటి ఉన్నా చాలు, సమీకరణంలో కలిసిపోయి ఉన్నా చాలు.

ఫ1 (1): రెండు కాలాలూ సరిగ్గా, ఒకే చరరాశిలో.

ప2 (1): ఆ రెండు కాలాల తేడాను అర గంటతో సమానం చేయడం. ఏ కాలంలోంచి ఏది తీసేశాడన్నది, ప్రమాణం సరిపోయిందా అన్నది ఇక్కడ చూడొద్దు. ప1 వస్తేనే ఇది.

ఫ2 (1): 150/x − 150/(x+10) = 1/2 లేదా దానికి సమానమైనది.

ప3 (1): తన సమీకరణంలో రెండు భిన్నాల హారాలనూ తొలగించడం. ఒక చిన్న గుణకార దోషం ఉన్నా ఇవ్వాలి.

ఫ3 (1): x² + 10x − 3000 = 0. ఫ2 పోయినవాడికి తన సమీకరణం నుంచి సరిగ్గా వచ్చిన వర్గ సమీకరణమైతే ఇవ్వాలి.

ప4 (1): తన వర్గ సమీకరణాన్ని ఏ పద్ధతిలోనైనా సాధించడం.

ఫ4 (1): 50 అని తేల్చడం, −60 ను వదిలేయడం. సరైన పని నుంచి వచ్చిన 50 కే ఇది.

ఇందులో ఒక చిన్న రూలు దాగి ఉంది. ప రానిదే దాని ఫ రాదు, కానీ ఫ పోయినంత మాత్రాన ప పోదు, తర్వాతి ప కూడా పోదు. ఇది స్కీమ్ పైన ఒక లైన్లో రాసి పెట్టండి. ఇది లేకపోతే పాత అలవాటు ప్రకారం తప్పు కనిపించిన చోట ఎర్ర పెన్నుతో గీత కొట్టి కింద చూడకుండా పేజీ తిప్పేవాళ్లు ఉంటారు. స్పాట్ వాల్యుయేషన్‌లో నా పక్కన కూర్చున్న ఒక సారు "ఏమప్పా, జవాబే తప్పయితే ఇంకా మార్కులెందుకు?" అని చాలా సీరియస్‌గా అడిగేవాడు. ఆయన చెడ్డవాడేం కాదు, ఆయన చేతికిచ్చిన స్కీమ్‌లో ఆ ప్రశ్నకు సమాధానం లేదు, అంతే.

ఇప్పుడు మీ పిల్లాడి పేపర్ ఈ స్కీమ్ మీద పెట్టండి. 150/x, 150/(x+10) రాశాడు, ప1 ఫ1 వచ్చాయి. తేడా = 30 అన్నాడు, తేడా పట్టుకున్నాడు కాబట్టి ప2 వచ్చింది, ఫ2 పోయింది. హారాలు తీస్తే 1500 = 30(x² + 10x), అంటే x² + 10x − 50 = 0. తన సమీకరణానికి ఇది కరెక్టే, ప3 ఫ3 వచ్చాయి. ఇది కారణాంకాలుగా విడిపోదు కాబట్టి సూత్రం వాడి ఉంటాడు, −5 + √75, సుమారు 3.66. ప4 వచ్చింది, ఫ4 పోయింది. మొత్తం 6. బస్సు గంటకు మూడున్నర కిలోమీటర్లు పోతోందంటే, కర్నూల్లో ఎక్కినవాడు అనంతపురంలో దిగేసరికి దాదాపు రెండు రోజులు పడుతుంది. ఆ జవాబు చూసి వాడికి అనుమానం రాకపోవడానికి శిక్ష ఫ4 పోవడంలోనే ఉంది, విడిగా ఇంకోటి వద్దు.

కొంతమంది ఇక్కడ వాదిస్తారు, ఒక్క తప్పుకు ఒక్క మార్కే పోవాలి కదా, 7 ఇవ్వండి అని. తప్పును వెంటబెట్టుకుని వచ్చిన ఫలితానికి ఎంతవరకు మార్కు ఇవ్వాలన్నది స్కీమ్ రాసేవాళ్లు తీసుకోవాల్సిన నిర్ణయం. మధ్యలో ఉన్న ఫలితానికి (ఫ3) ఇవ్వడం, చివరి జవాబుకు ఇవ్వకపోవడం నా పద్ధతి. చివరి జవాబు ప్రశ్నకు సమాధానం. అక్కడ ప్రశ్న అడిగినదే రావాలి. మీ మండలంలో ఇంకోలా నిర్ణయించుకున్నా పర్లేదు, కానీ ఆ నిర్ణయం స్కీమ్ కాగితం మీద ఉండాలి, దిద్దేవాళ్ల మనసులో కాదు.

ఒక జాగ్రత్త. పేపర్లో 30 కనిపించగానే తప్పు అని కొట్టేయకూడదు. కాలాన్ని t నిమిషాలు అనుకుని చేసే పిల్లలుంటారు. అప్పుడు వేగాలు 150/(t−30), 150/t, ఇవి నిమిషానికి కిలోమీటర్లు. వీటి తేడా 10/60, అంటే 1/6. దాంట్లోంచి t² − 30t − 27000 = 0 వస్తుంది, t = 180 నిమిషాలు, 3 గంటలు, వేగం 50. ఎక్కడా తప్పు లేదు, 8 కి 8. హడావిడిలో 30 చూసి ఫ2 కొట్టేస్తే అన్యాయమైపోతుంది. గంటల్లోనే t తీసుకునేవాళ్లు ఇంకా ఎక్కువమంది ఉంటారు: 150/(t − 1/2) − 150/t = 10, సూక్ష్మీకరిస్తే 2t² − t − 15 = 0, t = 3. ఈ రెండో దారికి కూడా స్కీమ్‌లో పక్క కాలమ్‌లో ఎనిమిది మార్కులూ ఎక్కడెక్కడ పడతాయో రాసి పెట్టాలి. "ఇతర పద్ధతులకు తగిన మార్కులు ఇవ్వవచ్చు" అని కింద ఒక లైన్ పడేస్తే సరిపోదు, ఎందుకంటే ఆ "తగిన" దగ్గరే మళ్లీ ముగ్గురూ మూడు రకాలుగా వేస్తారు. ఇక్కడ ప1 వేగం = దూరం/కాలం అని రాయడానికి, ఫ1 రెండు వేగాలకు, ప2 వాటి తేడాను 10 తో సమానం చేయడానికి, మిగతావన్నీ అవే. ఫ4 మాత్రం t = 3 దగ్గర ఆగిపోతే రాదు, ఎందుకంటే అడిగింది వేగం. ఈ దారిలో పిల్లలు ఎక్కువగా మార్కు పోగొట్టుకునేది అక్కడే. 3 రాగానే గీత గీసి "జవాబు" అని రాసేస్తారు.

ఇక అసలు తలనొప్పి పేపర్లు. మీకు తప్పకుండా వచ్చేది ఒకటి చెప్తాను. ఎక్కువ వేగమైతే కాలం తగ్గుతుందన్నది మరిచిపోయి, పిల్ల 150/(x+10) − 150/x = 1/2 అని రాసింది. ఎడమ వైపు రుణ సంఖ్య, కుడి వైపు ధన సంఖ్య, ఇది కుదరదు, కానీ తను గమనించలేదు. నిజాయితీగా ముందుకు పోతే x² + 10x + 3000 = 0 వస్తుంది, విచక్షణి 100 − 12000, వాస్తవ మూలాలు లేవు. తను అక్కడే ఆగి "మూలాలు లేవు" అని రాసిందనుకోండి. ప1, ఫ1, ప2, ప3, ఫ3 వచ్చాయి. విచక్షణి కట్టి మూలాలు లేవని తేల్చడం కూడా సాధించడమే కాబట్టి ప4 వచ్చింది. ఫ2, ఫ4 పోయాయి. 6.

పక్క బెంచీలో ఇంకొకడు అదే తప్పు సమీకరణం రాసి, మధ్యలో ఎక్కడో గుర్తు మార్చేసి x² + 10x − 3000 = 0 అని రాశాడు. కారణాంకాలు, x = 50, కింద రెండు గీతలు. ట్యూషన్లో చేసిన లెక్క కాబట్టి జవాబు ముందే తెలుసు, దాన్ని అందుకోవడానికి గుర్తు మార్చాడు. జవాబు చూసి దిద్దేవాళ్లు వీడికి 8 వేస్తారు. నా స్కీమ్‌లో వీడికి ఫ2 లేదు. తన సమీకరణం నుంచి +3000 రావాలి, −3000 రాశాడు కాబట్టి ఫ3 లేదు. 50 సరైన పని నుంచి రాలేదు కాబట్టి ఫ4 లేదు. 5. నిజాయితీగా "మూలాలు లేవు" అన్న పిల్లకు వీడికన్నా ఒకటి ఎక్కువ. ఇది మీ స్టాఫ్‌రూమ్‌లో కొంచెం గొడవ తెస్తుంది, తేనీయండి, పరీక్షకు ముందే జరగాల్సిన గొడవ అది. "సరైన పని నుంచి వచ్చిన 50" అన్న మాట ఫ4 పక్కన ఎందుకు రాశానో ఇప్పుడు తెలిసి ఉంటుంది.

వెంటబెట్టుకుని మార్కులిచ్చే విషయంలో ఒక హద్దు మాత్రం గట్టిగా పెట్టాలి. పిల్లాడు చేసిన తప్పు వల్ల లెక్క సులువైపోకూడదు. 150/(x+10) = 1/2 అని రాసి x = 290 అన్నాడనుకోండి. తన సమీకరణాన్ని తను కరెక్టుగానే సాధించాడు, కానీ ఇందులో తేడా లేదు, రెండు భిన్నాలు లేవు, వర్గ సమీకరణమే లేదు. దూరం బై వేగం అన్నందుకు ప1 ఒక్కటే, మొత్తం 1. అందుకే ప3 లో "రెండు భిన్నాల హారాలు" అనీ ప4 లో "వర్గ సమీకరణం" అనీ స్పష్టంగా రాయాల్సి వచ్చింది. అలాగే కాలాన్ని 150x, 150(x+10) అని గుణించి రాసినవాడికి తీసివేస్తే x మాయమై 1500 = 1/2 అని వస్తుంది, వాడు కంగారుపడి ఏదో రాస్తాడు, కొట్టేస్తాడు, మళ్లీ రాస్తాడు. ప1 లేదు కాబట్టి ప2 కూడా లేదు. అక్కడ జాలిపడి "ప్రయత్నించాడు" అని 2 వేయడం చాలాచోట్ల ఉంది. ప్రయత్నానికి మార్కు అంటే ఏ ప్రయత్నానికో చెప్పగలగాలి కదా.

ప4 విషయంలో దిద్దేవాళ్లకు ఇంకొంచెం వివరం ఇవ్వాలి, ఎందుకంటే "సాధించడం" అన్నది చాలా వదులు మాట. కారణాంకాలైతే, వాడు రాసిన రెండు బ్రాకెట్లను తిరిగి గుణిస్తే x² పదం, స్థిర పదం తన సమీకరణంలోవే రావాలి. దాని ప్రకారం (x − 60)(x + 50) అని గుర్తులు తారుమారు చేసి 60 జవాబు రాసినవాడికి ప4 ఉంటుంది, ఫ4 మాత్రం పోతుంది, 7 వస్తాయి. అదే (x + 300)(x − 100) రాస్తే గుణకారం −30000, అక్కడ ప4 కూడా లేదు. సూత్రమైతే, సూత్రం సరిగ్గా గుర్తుండాలి, అందులో a, b, c విలువలు వేయాలి. వేయడంలో ఒక గుర్తు తప్పినా పర్లేదు. 2a బదులు a తో భాగించే సూత్రం రాసుకున్నవాడికి ప4 లేదు. ఈ లెక్కలో విచక్షణి 12100, దాని వర్గమూలం 110. కాలిక్యులేటర్ లేదు కాబట్టి కొందరు 12100 దగ్గర తడబడి 1100 అనో 101 అనో వేస్తారు, అది ఫలితంలో దోషం, పద్ధతిలో కాదు.

ప్రశ్నలోని సంఖ్యనే తప్పుగా దించుకున్నవాడి సంగతి వేరు. ఉదాహరణకు 10 ని 15 అని రాసుకున్నాడనుకోండి. 150/x − 150/(x+15) = 1/2, x² + 15x − 4500 = 0, విచక్షణి 18225, వర్గమూలం 135, x = 60. చూడండి, అంతే కష్టమైన లెక్క, అంతే శుభ్రంగా వచ్చింది, సరిచూసుకున్నా 2.5 గంటలు, 2 గంటలు, తేడా అర గంట సరిపోతుంది. వీడికి ఏ స్టెప్‌లోనూ తప్పు లేదు, కళ్లు పొరబడ్డాయి. ఇలాంటివాడికి అన్ని మార్కులూ వాడి సంఖ్యలతోనే లెక్కగట్టి చివర్లో ఒక్క మార్కు తీసేయమని రాయండి, 7. కానీ దించుకోవడంలో వచ్చిన తప్పు లెక్కను తేలిక చేస్తే ఈ సౌకర్యం లేదు. ఈ నియమం లేకపోతే ఫ1, ఫ2, ఫ4 అన్నీ పోయి ఒక్క అంకె కోసం మూడు మార్కులు పోతాయి, అది మరీ ఎక్కువ.

స్టెప్పులు దాటేసేవాళ్లకు: తర్వాతి స్టెప్ సరిగ్గా కనిపిస్తే ముందు స్టెప్ మార్కు ఇచ్చేయాలి. సమీకరణం నుంచి ఒక్కసారిగా x² + 10x − 3000 = 0 కు దూకిన పిల్లకు ప3, ఫ3 రెండూ ఇవ్వాలి. కానీ దూకి తప్పు సమీకరణంలో దిగితే, మధ్యలో ఏం చేసిందో మనకు కనిపించదు కాబట్టి ప3 కూడా ఇవ్వలేం. ఈ సంగతి క్లాసులో పిల్లలకు ముందే చెప్పండి. స్టెప్పులు రాయమని మనం అరిచేదాని కన్నా, ఇదే తప్పు చేసిన రెండు పేపర్లు, ఒకటి స్టెప్పులతో ఒకటి లేకుండా, బోర్డు మీద పక్కపక్కన దిద్ది చూపిస్తే ఎక్కువ ఎక్కుతుంది.

ఇప్పుడు మీరు అడగనిది ఒకటి, కానీ తప్పకుండా వస్తుంది. ఒక పిల్లాడు సమీకరణం జోలికే పోకుండా, వేగం 50 అయితే 3 గంటలు, 60 అయితే రెండున్నర గంటలు, తేడా అర గంట, కాబట్టి జవాబు 50 అని మూడు లైన్లలో రాసేశాడు. ఏం వేస్తారు? మీ ప్రశ్న చూడండి, "బస్సు వేగం ఎంత?" అని మాత్రమే అడిగింది, వర్గ సమీకరణం పెట్టి చేయమని ఎక్కడా అనలేదు. వాడు అడిగింది చెప్పాడు, సరిచూసి మరీ చెప్పాడు. నా స్కీమ్‌లో వీడికి కాలాలకు ప1, ఫ1, తేడాకు ప2, ఫ2, జవాబుకు ఫ4, మొత్తం 5. వేగం పెరిగేకొద్దీ ఈ తేడా తగ్గుతూ పోతుంది కాబట్టి 50 తప్ప ఇంకోటి కుదరదు అని కూడా రాశాడనుకోండి, నేను 8 వేస్తాను, ఎందుకంటే అది సంపూర్ణమైన గణితం. ఏ పనీ లేకుండా ఒట్టి 50 అని రాసినవాడికి ఫ4 ఒక్కటే. దీన్ని ప ఆనవాలు అక్కర్లేని మార్కుగా రాసి పెట్టాలి, లేకపోతే "ప లేకుండా ఫ లేదు" అన్న పై రూలుతో, ఫ4 పక్కన రాసిన "సరైన పని నుంచి" అన్న మాటతో తగాదా వస్తుంది. ఇవన్నీ ఎందుకనుకుంటే ప్రశ్నలోనే "వర్గ సమీకరణం ఏర్పరచి వేగం కనుక్కోండి" అని రెండు మాటలు కలపండి. పద్ధతికి మార్కులు ఇవ్వాలనుకున్నప్పుడు ఆ పద్ధతిని ప్రశ్న అడగాలి. పేపర్ ఇంకా ప్రింటుకు పోకపోతే ఇది ఈరోజే మార్చేయండి.

స్కీమ్ రాశాక నేరుగా పంచొద్దు. మీ స్కూల్లో ఇదే లెక్క ఒక స్లిప్ టెస్ట్‌గా పెట్టి ఒక పది పేపర్లు తీసుకోండి, ఫస్ట్ వచ్చే పిల్లలవి కాకుండా మధ్యస్థంగా చేసేవాళ్లవి. బాగా వచ్చినవాడి పేపర్‌కి ఏ స్కీమ్ అయినా 8 వేస్తుంది. ముగ్గురూ విడివిడిగా, పేపర్ మీద ఏమీ గీయకుండా, పక్క కాగితం మీద ప1, ఫ1, ప2 అని ఒక్కో దానికి 0 గానీ 1 గానీ వేయండి. తర్వాత మొత్తాలు పోల్చుకోవద్దు, అడ్డ వరసలు పోల్చండి. ఇద్దరికీ 5 వచ్చినా, ఒకరు ఫ3 ఇచ్చి ప4 ఇవ్వకపోతే, ఇంకొకరు ప4 ఇచ్చి ఫ3 ఇవ్వకపోతే, మొత్తం కలిసింది గానీ స్కీమ్ కలవలేదు. ఎక్కువమంది విడిపోయిన వరస ఏదో ఆ వరస మాటలు మార్చాలి, దిద్దేవాళ్లను కాదు. ఒక మార్కు పదిమందికీ వచ్చిందంటే దాన్ని అనుమానించండి, మీ "వేగం x అనుకోవడం" అలాంటిదే. పేపర్లన్నీ 1, 2 దగ్గరో 8 దగ్గరో గుంపులు కట్టి మధ్యలో ఎవరూ లేకపోతే, పేరుకు స్టెప్ మార్కులున్నా మీరింకా జవాబుకే మార్కులు వేస్తున్నారని అర్థం.

అర మార్కుల గురించి చాలామంది అడుగుతారు. 8 మార్కుల ప్రశ్నకు నేను అర మార్కులు వద్దంటాను. ఒక మార్కును రెండు అరలుగా విడదీస్తే దిద్దేవాడు తీసుకోవాల్సిన నిర్ణయాలు రెట్టింపవుతాయి, తేడాలూ అలాగే పెరుగుతాయి. 2 మార్కుల ప్రశ్నలకు ఒక ప, ఒక ఫ, అంతకు మించి చీల్చొద్దు. పదో తరగతి 33 ప్రశ్నల పేపర్లో 8 మార్కుల ప్రశ్నలు 5, అంటే 100 లో 40 మార్కులు అక్కడే ఉన్నాయి. మీ సమయమంతా ఆ ఐదింటి స్కీమ్ మీద, వాటి ఛాయిస్ ప్రశ్నల మీద పెట్టండి. ఛాయిస్‌లో ఉన్న రెండో ప్రశ్నకు కూడా ప, ఫ నిష్పత్తి దాదాపు ఒకేలా ఉండాలి. ఒకదాంట్లో నాలుగు ప ఉండి ఇంకోదాంట్లో రెండే ఉంటే, జవాబు తప్పిన పిల్లాడు ఏ ప్రశ్న ఎంచుకున్నాడన్నదాన్ని బట్టి రెండు మార్కులు అటూ ఇటూ అయిపోతాయి.

సాంఖ్యకశాస్త్రం లెక్కలకు ఇదే తీరు. సగటు ప్రశ్నకు స్కీమ్‌లో "విచలనాల కాలమ్ 2 మార్కులు" అని రాస్తే, ప్రత్యక్ష పద్ధతిలో చేసినవాడికి ఆ కాలమే ఉండదు. "తరగతి మధ్య విలువలు", "పౌనఃపున్యంతో లబ్ధాలు, వాటి మొత్తం", "మొత్తాన్ని పౌనఃపున్యాల మొత్తంతో భాగించడం" అని రాస్తే మూడు పద్ధతులకూ సర్దుకుంటుంది, విచలన పద్ధతుల్లో ఊహించిన సగటును తిరిగి కలపడం, సోపాన విచలన పద్ధతిలో అయితే దానికి ముందు తరగతి పొడవుతో గుణించడం అదనంగా చూసుకోవాలి. సిద్ధాంతాల నిరూపణకు, నిర్మాణాలకు మాత్రం ఇది ఉన్నది ఉన్నట్టుగా పనికిరాదు, అక్కడ చివరి జవాబు అంటూ ఉండదు, ప్రతి స్టెప్‌కీ కారణం రాశాడా లేదా అన్నదే చూడాలి. మీ పేపర్లో థేల్స్ సిద్ధాంతం గానీ స్పర్శరేఖల నిర్మాణం గానీ ఉంటే ఆ ప్రశ్న ఇక్కడ పెట్టండి, దానికి విడిగా రాస్తాను.